మూడు తేదీలు చెప్పే వీడ్కోలు ఉత్తరం

గుంటూరులో ఒక చిన్న రెడీమేడ్ బట్టల దుకాణం ఉందనుకుందాం. దాని యజమాని రెండేళ్ళుగా ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు నెలకు 499 రూపాయలు కడుతున్నారు. ప్రతి నెలా 24వ తేదీన యూపీఐ ఆటోపే ద్వారా ఆ డబ్బు ఖాతాలోంచి కట్ అయిపోతుంది. ఆయన వేరే సాఫ్ట్‌వేర్‌కు మారదామనుకుని, జూన్ 9న సెట్టింగుల్లోకి వెళ్ళి చందా రద్దు చేశారు. సాయంత్రానికి ఒక మెయిల్ వచ్చింది. "మీరు వెళ్ళిపోతున్నందుకు మాకెంతో బాధగా ఉంది" అని మొదలైంది. కింద పెద్ద రంగు బటన్, దాని మీద "ఈ రోజే తిరిగి చేరితే సగం ధర" అన్న మాట. అంతకు మించి అందులో ఏమీ లేదు.

మర్నాడు ఆయన ఆడిటర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పారు. ఆడిటర్ అడిగింది ఒక్కటే ప్రశ్న. "పాత బిల్లులన్నీ దింపుకున్నారాండీ?"

"అవన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయిగా సార్!"

"ఎన్నాళ్ళు ఉంటాయో రాశారా?"

రాయలేదు. రద్దు నిజంగా అయిందో లేదో, 24న మళ్ళీ 499 కట్ అవుతుందో లేదో, ఇప్పటికే డబ్బు కట్టిన జూన్ 23 దాకా బిల్లులు కొట్టుకోవచ్చో లేదో కూడా రాయలేదు. రెండేళ్ళ అమ్మకాల లెక్క, అరువు పద్దులు, వందల మంది ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఏమవుతాయో అసలే లేదు. బాధ గురించి రాసిన ఆ రెండు వాక్యాల చోటులో ఈ సంగతులన్నీ పట్టేవి.

ఈ దుకాణం ఊహించి చెప్పిందే అయినా ఇలాంటి మెయిళ్ళు మాత్రం దాదాపు అందరికీ వస్తున్నాయి. సినిమాల యాప్, పిల్లల పాఠాల యాప్, ఫోటోలు దాచుకునే చోటు, ఈ-పేపర్, జిమ్ ఇలా దేనికైనా నెలవారీ చందా కట్టడం మామూలైపోయింది. చేరేటప్పుడు వచ్చే సందేశాల మీద కంపెనీలు ఎంతో శ్రద్ధ పెడతాయి. వెళ్ళేటప్పుడు పంపే ఉత్తరాన్ని మాత్రం, మనిషి వెళ్ళిపోయాక ఇక ఎవరు చదువుతారులే అన్నట్టు వదిలేస్తాయి. నిజానికి ఖాతాదారు అక్షరం అక్షరం చదివే ఉత్తరం అదే. ఎందుకంటే ఆయన డబ్బు, ఆయన సమాచారం రెండూ ఇంకా ఆ కంపెనీ చేతిలోనే ఉన్నాయి.

మొదటి వాక్యంతోనే మొదలుపెడదాం. "మీ అభ్యర్థన అందింది" అనడం వేరు, "మీ చందా రద్దయింది" అనడం వేరు. మొదటి మాటకు అర్థం పని ఇంకా కాలేదని. ఎవరో చూడాలి, ఒప్పుకోవాలి, ఒక్కోసారి ఫోన్ చేసి కారణం అడగాలి. రెండో మాట చెప్పాక కంపెనీకి వెనక్కి తగ్గే దారి ఉండదు. తర్వాత డబ్బు కట్ అయితే ఖాతాదారు చేతిలో సాక్ష్యం ఉంటుంది. అందుకే మంచి రద్దు ఉత్తరం శీర్షికలోనే ఆ సంగతి తేల్చేస్తుంది. ఏ పథకం, ఏ ఫోన్ నంబరు మీద ఉన్న ఖాతా, ఏ తేదీన ఎన్ని గంటలకు రద్దయింది, రద్దు నంబరు ఎంత అన్నవి మొదటి పేరాలోనే ఉంటాయి. పని ఇంకా పూర్తి కాకపోతే ఆ సంగతీ దాచకుండా చెప్పి, ఎప్పటికి పూర్తవుతుందో రాయాలి.

ఇక్కడే చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా రద్దు కాదు. గూగుల్ ప్లే ద్వారా కట్టే చందాలైతే, యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా డబ్బు కట్ అవుతూనే ఉంటుందని గూగుల్ తన సహాయ పేజీలోనే చెబుతుంది. చందా ఏ దారిలో మొదలైందో ఆ దారిలోనే రద్దు చేయాలి. ప్లే స్టోర్‌లో మొదలైతే ప్లే స్టోర్‌లో, ఐఫోన్‌లో యాపిల్ ఖాతా మీద మొదలైతే అక్కడ, కంపెనీ వెబ్‌సైటులో మొదలైతే ఆ సైటులో. కాబట్టి రద్దు ఉత్తరం రాని వాళ్ళు, తమ చందా ఇంకా నడుస్తోందనే లెక్క వేసుకోవాలి.

డబ్బు సంగతికి వస్తే మన దేశంలో ఖాతాదారుకు కొంత రక్ష ఉంది. కార్డు మీదో యూపీఐ మీదో ప్రతి నెలా దానంతటదే కట్ అయ్యే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు కొన్ని నియమాలు పెట్టింది. 2021 అక్టోబరు నుంచి ఇవి గట్టిగా అమలవుతున్నాయి. మొదటిసారి అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీయో పిన్నో కావాలి. ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి. ఆ అనుమతిని ఖాతాదారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట చూస్తే ఎవరెవరికి అనుమతి ఇచ్చామో వరసగా కనిపిస్తుంది.

అయితే చందా ఒకటి, ఆటోపే అనుమతి ఇంకొకటి. ఒకటి కంపెనీ పుస్తకాల్లో ఉంటుంది, రెండోది బ్యాంకు దగ్గర ఉంటుంది. మన గుంటూరు యజమాని ఆటోపేను మాత్రమే ఆపేసి ఉంటే, కంపెనీ దృష్టిలో ఆయన చందాదారుగానే ఉంటారు, కాకపోతే డబ్బు కట్టని చందాదారు. బకాయి ఉందంటూ గుర్తుచేసే మెసేజులు మొదలవుతాయి. అదే చందా మాత్రం రద్దు చేసి, కంపెనీ ఆటోపే అనుమతిని వదులుకోకపోతే, ఆ అనుమతి యూపీఐ యాప్‌లో పడి ఉంటుంది. ఏ పొరపాటు వల్లనో మళ్ళీ డబ్బు లాగే వీలుంటుంది. అందుకని ఉత్తరంలో రెండూ చెప్పాలి: చందా రద్దయిందని, ఆటోపే అనుమతిని కూడా తామే రద్దు చేశామని. ఖాతాదారు తన యాప్‌లో చూసి ఆ మాట నిజమో కాదో నిమిషంలో తేల్చుకోగలరు.

కార్డు వివరాల గురించి భయపడే వాళ్ళకు ఒక మాట. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు, యాప్‌లు కార్డు పూర్తి నంబరును తమ దగ్గర పెట్టుకోకూడదు. దాని బదులు టోకెన్ అనే మారు నంబరు వాడాలి. చివరి నాలుగు అంకెలు, కార్డు ఇచ్చిన బ్యాంకు పేరు మాత్రం లెక్క కోసం ఉంచుకోవచ్చు. ఈ సంగతిని రద్దు ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెబితే చాలామంది మనసు కుదుటపడుతుంది. అయినా ఆ ఒక్క వాక్యం రాసే కంపెనీలు అరుదు.

ఇక డేటా. ఉత్తరాలన్నీ తడబడేది ఇక్కడే. "మీ డేటాను మా గోప్యతా విధానం ప్రకారం చూసుకుంటాం" అని రాసి లింకు ఇస్తారు. లింకు నొక్కితే ఇరవై పేజీల ఇంగ్లీషు. నిజానికి బట్టల దుకాణం విషయంలో డేటా అనేది ఒకే ముద్ద కాదు. మూడు వేర్వేరు కుప్పలు, ఒక్కోదాని గతి ఒక్కో రకం.

మొదటి కుప్ప దుకాణానిది. అమ్మకాల బిల్లులు, సరుకు జాబితా, అరువు పద్దులు, ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు. ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీ సొత్తు కాదు. దుకాణం తరఫున ఆ కంపెనీ దాచి ఉంచుతోంది, అంతే. ఈ కుప్ప పోతే యజమాని పెద్ద ఇబ్బందిలో పడతారు. జీఎస్టీ చట్టంలోని 36వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన వ్యాపారి తన లెక్కల పుస్తకాలను, బిల్లులను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. ఉదాహరణకు 2025-26 ఆర్థిక సంవత్సరం అమ్మకాలకు వార్షిక రిటర్న్ గడువు 2026 డిసెంబరు 31. అంటే ఆ బిల్లులు 2032 డిసెంబరు 31 దాకా ఉండాలి. సాఫ్ట్‌వేర్ మార్చాం, పాత కంపెనీ చెరిపేసింది అంటే పన్ను అధికారి ఒప్పుకోరు. ఆడిటర్ ముందుగా అడిగింది అందుకే.

కాబట్టి ఈ కుప్ప గురించి ఉత్తరం చెప్పాల్సింది "చెరిపేస్తాం" అన్న మాట కన్నా ముందు "దింపుకోండి" అన్న మాట. ఎక్కడ నొక్కాలి, ఏ రూపంలో వస్తుంది, ఏ తేదీ దాకా వీలుంటుంది అన్నవన్నీ అందులో ఉండాలి. రూపం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, అదీ ముఖ్యమే. బిల్లులు పీడీఎఫ్‌లుగా వస్తే చూసుకోవడానికి, అధికారికి చూపించడానికి పనికొస్తాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి మాత్రం ఎక్సెల్ షీటుగానో, సీఎస్‌వీ ఫైలుగానో కావాలి. రెండూ ఇచ్చే కంపెనీ ఖాతాదారును నిజంగా గౌరవిస్తోందని చెప్పవచ్చు. దింపుకున్న ఫైలు తెరిచి, మొదటి నెల బిల్లు ఒకటి, మధ్యలో ఒకటి, చివరి నెలది ఒకటి చూసుకోవడం యజమాని పని. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగానో, డబ్బాలుగానో మారిపోయాయేమో కూడా అప్పుడే గమనించాలి. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు నేరుగా తెరిస్తే ఇలా జరగడం మామూలే. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, తెరిచే పద్ధతి మార్చి యూటీఎఫ్-8గా ఎక్కిస్తే పేర్లు సరిగ్గా కనిపిస్తాయి.

రెండో కుప్ప యజమాని సొంత వివరాలు. ఆయన పేరు, ఫోన్, మెయిల్, ఏ ఫోన్ నుంచి ఎప్పుడు లాగిన్ అయ్యారన్న నమోదులు, సహాయ కేంద్రంతో మాట్లాడిన సంభాషణలు. మూడో కుప్ప కంపెనీ తన చట్టబద్ధ అవసరం కోసం ఉంచుకునేది. ఆయన కట్టిన 499 రూపాయలకు నెలనెలా ఇచ్చిన బిల్లులు కంపెనీకి అమ్మకాల లెక్క. కంపెనీల చట్టం కింద ఆ లెక్కలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. కనుక "మీ డేటా అంతా చెరిపేశాం" అని ఏ కంపెనీ అయినా రాస్తే ఆ మాట నిజం కాదు. నిజం రాసే కంపెనీ, చెరిపేది ఏదో, ఉంచేది ఏదో, ఉంచేది ఏ చట్టం కోసమో, ఎన్నేళ్ళో విడివిడిగా చెబుతుంది.

ఈ విషయంలో దేశానికి ఇప్పుడు సొంత చట్టం ఉంది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును పౌరుడికి ఇచ్చింది. ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలంది. సమ్మతి పోయాక, లేదా డేటా సేకరించిన పని తీరిపోయాక, మరే చట్టమైనా ఉంచమంటే తప్ప దాన్ని చెరిపేయాలంది. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంది. అందులో తెలుగూ ఉంది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు గనుక అవి 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. ఆ నిబంధనల్లోనే, కొంత డేటాను, వాడకం నమోదులను కనీసం ఏడాది ఉంచాలన్న మాటా ఉంది. రెండో కుప్పలోని లాగిన్ నమోదులు వెంటనే చెరిగిపోకపోవడానికి ఇదో కారణం.

ఈ చట్టానికి ఒక హద్దుంది. అది మనుషుల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడుతుంది. దుకాణంలో ఎన్ని చీరలున్నాయి, ఏ సైజు చొక్కాలు ఎన్ని అమ్ముడయ్యాయి అన్న జాబితా వ్యక్తిగత సమాచారం కాదు. ఆ జాబితాకు ఉన్న రక్షణ కంపెనీతో చేసుకున్న ఒప్పందమే. ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం చట్టం కిందికే వస్తాయి. ఇక్కడ బాధ్యత తిరిగి దుకాణం మీదికే వస్తుంది. ఎందుకంటే ఆ నంబర్లు తీసుకున్నది దుకాణం. సాఫ్ట్‌వేర్ కంపెనీ దాని తరఫున పనిచేసినదే. తనకు పని అప్పగించుకున్న కంపెనీ చేత కూడా ఆ నంబర్లు చెరిపించాల్సిన బాధ్యత దుకాణానిదే అవుతుంది. పండక్కి మెసేజ్ పంపడానికని రాయించుకున్న ఒక గృహిణి ఫోన్ నంబరు, తనకు పేరు కూడా తెలియని కంపెనీ సర్వర్‌లో ఏళ్ళ తరబడి పడి ఉండకూడదు. రద్దు ఉత్తరం ఆమె కోసం కూడా రాసిందే.

చెరపడం అంటే ఒక్క బటన్ నొక్కడం కాదన్నదీ చెప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు రోజూ రాత్రి డేటాకు నకలు తీసి వేరే చోట దాస్తాయి. సర్వర్ పాడైతే అక్కడి నుంచి తెచ్చుకుంటాయి. అసలు డేటాలో ఒక దుకాణం పద్దులు చెరిపినా, పాత నకళ్ళలో అవి అలాగే ఉంటాయి. పెద్ద నకలులోంచి ఒక్క దుకాణాన్ని వేరుచేసి తీయడం కష్టం గనుక, కొత్త నకళ్ళు వచ్చి పాతవి తుడిచిపెట్టుకుపోయే దాకా ఆగుతారు. అందుకు కొన్ని వారాలో, కొన్ని నెలలో పడుతుంది. ఈ మధ్యలో సర్వర్ పాడై పాత నకలు తిరిగి తెస్తే, చెరిపేసిన దుకాణం మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. జాగ్రత్త గల కంపెనీలు చెరిపిన ఖాతాల నంబర్ల జాబితా ఒకటి విడిగా ఉంచుకుని, నకలు తెచ్చిన ప్రతిసారీ ఆ ఖాతాలను మళ్ళీ చెరుపుతాయి. రద్దు ఉత్తరంలో నకళ్ళకు వేరే తేదీ ఇచ్చారంటే, రాసినవాళ్ళకు లోపల జరిగే పని తెలుసని నమ్మవచ్చు.

గడువులు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. మన ఇళ్ళలో అందరికీ పరిచయమైన ఉదాహరణ గూగుల్ ఫోటోలు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ చాలక కొందరు నెలనెలా డబ్బు కట్టి చోటు కొనుక్కుంటారు. ఆ చందా ఆపేస్తే ఫోటోలు మర్నాడే పోవు. కాని 15 జీబీ దాటి ఉంటే కొత్త ఫోటోలు ఎక్కవు, జీమెయిల్‌కు ఉత్తరాలు రావడమూ ఆగిపోతుంది. రెండేళ్ళ పాటు ఆ హద్దు దాటే ఉంటే, దాచినవాటిని తొలగించే హక్కు తమకుందని గూగుల్ చెబుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రుల ఫోన్లలో ఇలా జరిగితే, మెయిల్ ఎందుకు రావడం లేదో తెలియక తికమకపడతారు. ఇక్కడ ముఖ్యమైనది చెరిపే తేదీ కాదు, ఏ సేవ ఏ రోజు ఆగుతుందన్నది.

ఇవన్నీ కలిపి గుంటూరు యజమానికి రావాల్సిన ఉత్తరం ఎలా ఉండాలో రాసి చూద్దాం.

"నమస్కారం అండీ. మీ దుకాణం పేరు మీద ఉన్న నెలవారీ బిల్లింగ్ చందా జూన్ 9 ఉదయం 11.20కి రద్దయింది. ఇకపై మీ ఖాతాలోంచి డబ్బు కట్ కాదు. యూపీఐ ఆటోపే అనుమతిని కూడా మేమే రద్దు చేశాం, మీ యూపీఐ యాప్‌లో చూసుకోవచ్చు.

"మీరు కట్టిన డబ్బు జూన్ 23 దాకా చెల్లుతుంది. అప్పటిదాకా ఎప్పటిలాగే బిల్లులు కొట్టుకోవచ్చు.

"జూన్ 24 నుంచి జూలై 23 దాకా కొత్త బిల్లులు కొట్టడం కుదరదు గాని, పాత బిల్లులు, సరుకు జాబితా, అరువు పద్దులు, ఖాతాదారుల వివరాలు ఎక్సెల్‌గా, పీడీఎఫ్‌లుగా దింపుకోవచ్చు. జీఎస్టీ చట్టం కింద ఈ లెక్కలు మీరు భద్రపరచాల్సి ఉంటుంది కనుక తప్పకుండా దింపుకోండి. జూలై 16న ఇంకోసారి గుర్తుచేస్తాం.

"జూలై 23 రాత్రి మీ దుకాణం డేటాను చెరిపేస్తాం. మా బ్యాకప్ నకళ్ళలోంచి ఆగస్టు 22 నాటికి పోతుంది. ఆ తర్వాత దాన్ని మేం కూడా తిరిగి తేలేం. మీకు మేమిచ్చిన చందా బిల్లులను కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు, లాగిన్ నమోదులను ఏడాది పాటు ఉంచుతాం. వాటిని మరే పనికీ వాడం. మీ కార్డు నంబరు మా దగ్గర ఎప్పుడూ లేదు.

"అంతకన్నా ముందే చెరిపేయమంటే ఈ మెయిల్‌కు జవాబివ్వండి. ఇది మీరు చేయని రద్దు అయితే వెంటనే చెప్పండి.

"ఎప్పుడైనా మళ్ళీ మా అవసరం పడితే ఇదే నంబరుతో లాగిన్ కావచ్చు. జూలై 23 లోపు వస్తే మీ పద్దులు ఉన్నచోటే ఉంటాయి. ఆ తర్వాత వస్తే కొత్తగా మొదలుపెట్టాలి. ఇన్నాళ్ళు మమ్మల్ని నమ్మినందుకు కృతజ్ఞతలు."

ఇంతే. ఈ ఉత్తరంలో బరువు మోసేవి మూడు తేదీలు. సేవ ఆగే జూన్ 23, దింపుకునే వీలు ముగిసి చెరిపేసే జూలై 23, నకళ్ళు కూడా పోయే ఆగస్టు 22. తేదీల బదులు "30 రోజుల్లో" అని రాస్తే ఎప్పటి నుంచి 30 రోజులన్న చిక్కు వస్తుంది. రద్దు నొక్కిన జూన్ 9 నుంచి లెక్కేస్తే జూలై 9, సేవ ఆగిన రోజు నుంచి లెక్కేస్తే జూలై 23. జూలై 20న తీరిగ్గా దింపుకుందామని కూర్చున్న యజమానికి ఆ రెండు వారాల తేడా రెండేళ్ళ లెక్క ఖరీదు. "ఇది మీరు చేయని రద్దు అయితే" అన్న వాక్యం కూడా ఊరికే రాసింది కాదు. దుకాణంలో పని మానేసిన కుర్రాడి చేతిలో పాస్‌వర్డ్ ఉండిపోతే ఏమవుతుందో వ్యాపారులకు తెలుసు.

చివరి పేరా మళ్ళీ రమ్మనే పిలుపు. అది ఎందుకు అంత మెత్తగా ఉండాలి? వ్యాపారం అన్నాక వెళ్ళేవాడిని ఆపుకోవాలనుకోవడం తప్పు కాదు. తప్పల్లా ఆ కోరిక దారికి అడ్డం పడడంలోనే ఉంది. ఇందులో అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో అమెజాన్ ప్రైమ్ వ్యవహారం. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో ఆ కంపెనీ మీద కేసు వేసింది. ప్రైమ్ రద్దు చేసుకోవాలంటే నాలుగు పేజీలు దాటి, ఆరుసార్లు నొక్కి, పదిహేను ఎంపికల మధ్య దారి వెతుక్కోవాల్సి వచ్చేదని ఫిర్యాదులో రాసింది. ఆ రద్దు ప్రక్రియకు కంపెనీ లోపలి వాళ్ళు పెట్టుకున్న పేరు "ఇలియడ్", ట్రాయ్ యుద్ధం గురించిన సుదీర్ఘ గ్రీకు కావ్యం పేరు. 2025 సెప్టెంబరులో కేసు రాజీతో ముగిసింది. అమెజాన్ తప్పు ఒప్పుకోలేదు గాని, 250 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అందులో 100 కోట్లు జరిమానా, 150 కోట్లు ఖాతాదారులకు తిరిగి ఇచ్చేది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి మాయదారులపై మార్గదర్శకాలు తెచ్చింది. పదమూడు రకాల మోసపు పద్ధతులను పేరుపేరునా నిషేధించింది. అందులో చందా ఉచ్చు ఒకటి. రద్దును అసాధ్యం చేయడం, సాగదీయడం, రద్దు బటన్‌ను దాచడం, అర్థం కాని సూచనలు ఇవ్వడం అన్నీ దీని కిందికే వస్తాయి. వద్దన్న మనిషిని సిగ్గుపడేలా చేయడం ఇంకొకటి. విమాన టికెట్‌తో బీమా వద్దనేవాడి చేత "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అన్న మాట మీద నొక్కించడాన్ని మార్గదర్శకాలే ఉదాహరణగా ఇచ్చాయి. లేని తొందర సృష్టించడం మూడోది. మన యజమానికి వచ్చిన మొదటి మెయిల్‌లో "ఈ రోజే" అన్న బటన్ ఆ మూడో రకానికి చాలా దగ్గర. రేపు కూడా అదే తగ్గింపు దొరికేటట్టుంటే, ఈ రోజే అన్న మాట అబద్ధం.

మంచి ఉత్తరంలోనూ ఒక గడువు ఉంది, జూలై 23. తేడా ఏమిటంటే అది నిజమైన గడువు. ఆ రోజు దాటితే పద్దులు నిజంగానే పోతాయి. మళ్ళీ రమ్మనడానికి కంపెనీ చేతిలో ఉన్న అన్నిటికన్నా బలమైన కారణం కూడా అదే, సగం ధర కాదు. నీ లెక్కలు ఇంకా ఇక్కడ క్షేమంగా ఉన్నాయి, ఫలానా రోజు దాకా ఉంటాయి అన్న నిజం ఒక్కసారి చెబితే చాలు. పదే పదే చెబితే అదే వేధింపు అవుతుంది. పదే పదే అడిగి విసిగించడాన్ని కూడా మార్గదర్శకాలు పదమూడింటిలో చేర్చాయి.

జూలై 16న గుర్తుచేసే మెయిల్ డేటా గురించి కనుక సేవకు సంబంధించిందే. దసరాకు తగ్గింపు అంటూ పంపేది ప్రకటన. చందా రద్దు చేసుకున్న మనిషికి ప్రకటనలు పంపాలంటే అందుకు వేరుగా ఆయన ఒప్పుకోలు ఉండాలి. వద్దన్నవాళ్ళకు మళ్ళీ పంపకుండా ఉండాలంటే, ఆ నంబరును పంపకూడని వాళ్ళ జాబితాలో కంపెనీ ఉంచుకోక తప్పదు. అంతా చెరిపేశామని చెప్పే కంపెనీ ఈ ఒక్క నంబరు ఎందుకు ఉంచుకుందో కూడా చెబితే, అడిగినవాళ్ళకు అనుమానం మిగలదు.

చిన్న కంపెనీలు నడిపే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. హైదరాబాదులోనో, విశాఖలోనో నలుగురైదుగురు కూర్చుని యాప్‌లు తయారు చేస్తున్న ఆ యువతీయువకులకు పైన రాసిన ఉత్తరం పనికొస్తే వాడుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఉత్తరంలో రాసే ముందు ఆ తేదీలు తమ సర్వర్‌లో నిజంగా అలాగే జరుగుతున్నాయా అని ఇంజినీర్లను అడగాలి. జూలై 23న చెరిపేస్తామని మెయిల్ చెబుతుంటే, చెరిపే ప్రోగ్రామ్ ఎవరూ రాయకుండానే మిగిలిపోయిన కంపెనీలు ఉంటాయి. అలాంటప్పుడు మెయిల్‌లోని తెలుగు ఎంత చక్కగా ఉన్నా అది తప్పుడు వాగ్దానమే.

చదివేవాళ్ళ చేతిలో ఉన్నవి మరికొన్ని పనులు. రద్దు చేయక ముందే డేటా దింపుకోండి. రద్దు ఉత్తరం వచ్చాక అందులో "రద్దయింది" అని ఉందో, "అందింది" అని ఉందో చూడండి. తేదీలు లేకపోతే, సేవ ఎప్పుడాగుతుంది, డేటా ఎప్పుడు చెరుపుతారు అని రెండు వాక్యాల మెయిల్ రాసి జవాబు తీసుకోండి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా ఒకసారి తెరిచి చూడండి. ఆ ఉత్తరాన్ని కనీసం తర్వాతి రెండు చెల్లింపు తేదీలు దాటే దాకా చెరపకండి. రద్దు తర్వాత కూడా డబ్బు కట్ అయితే ముందు కంపెనీకి, బ్యాంకుకు ఆ ఉత్తరం పంపండి. అప్పటికీ తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో కూడా ఫిర్యాదు చెప్పుకోవచ్చు.